క్లోరిన్ టన్నర్ యోక్ దగ్గర లీకు: బిగింపు కాదు, వాషర్ చూడండి

“క్లోరిన్ టన్నర్ మార్చిన ప్రతిసారీ, దాని వాల్వ్‌కి లైన్ బిగించే యోక్ దగ్గర సన్నగా లీకవుతోంది. ఎంత బిగించినా ఆగట్లేదు. సీసం వాషర్ బాగానే ఉంది, అదే వాడుతున్నాం.”

పాత వాషరే కారణం అయ్యుంటుందండీ. సీసం ఒకసారి నలిగాక మళ్లీ ఆ ముఖానికి సరిగ్గా అతుక్కోదు. ఇంకా బిగిస్తే పక్కలకు పిండుకుపోతుంది, అంతే. విప్పిన ప్రతిసారీ కొత్తది వేయాల్సిందే.

ముందు టన్నర్ వాల్వ్ మూసి, ఎజెక్టర్ నడుస్తుండగానే లైన్లో మిగిలిన గ్యాస్ లాగించేయండి. గేజ్ సున్నాకి వచ్చాకే యోక్ వదులు చేయండి. రెండు ముఖాలకూ అంటుకున్న పాత సీసం పొరను శుభ్రంగా తీసి, కొత్త వాషర్ పెట్టి బిగించండి. వాల్వ్ కొద్దిగా తెరిచి వెంటనే మూసేయండి. అమోనియా సీసాను జాయింట్ దగ్గర నొక్కి ఆవిరి మాత్రమే తగలనివ్వండి. ద్రవం పడితే ఇత్తడి పాడవుతుంది. తెల్లటి పొగ వస్తే ఇంకా లీకుంది. పొగ వాల్వ్ స్పిండిల్ దగ్గర వస్తే వాషర్ తప్పు కాదు, గ్లాండ్ నట్ కొంచెం బిగించాలి.

లీకు మీద నీళ్లు మాత్రం కొట్టకండి. తడి క్లోరిన్ యాసిడ్‌గా మారి ఇనుమును తినేస్తుంది, రంధ్రం పెద్దదవుతుంది.

ఈ పని ఒక్కరే చేయకూడదు. ఇద్దరూ బ్రీతింగ్ సెట్ వేసుకోవాలి, సెట్లు క్లోరిన్ గది బయటే ఉండాలి. సెట్‌లోని 300 బార్ గాలి సిలిండర్ సగానికి దిగి ఉంటే లోపలికి వెళ్లొద్దు. గడ్డం ఉన్నవాళ్లకి మాస్క్ సీల్ కాదు, వాళ్లని పంపకండి.