సంగీత్ డ్యాన్స్ వీడియోకి క్యాప్షన్

"మా పిన్ని కూతురి సంగీత్‌లో మేం చేసిన డ్యాన్స్, 25 సెకన్ల రీల్. మధ్యలో అది కూడా మెహందీ చేతులతోనే వచ్చి దూకేసింది. ఏం రాసినా 'హ్యాపీ మ్యారీడ్ లైఫ్' లాగే ఉంటోంది. జోష్ ఉండాలి, ప్రేమ కనపడాలి."

మీ క్యాప్షన్ మీ ప్రశ్నలోనే ఉందండీ, ఆ మెహందీ చేతుల్లో. ఇలా పెట్టి చూడండి:

మెహందీ ఆరలేదు, మా చెల్లి ఆగలేదు! 💃
రేపు పెళ్లికూతురు. ఈ రాత్రికి మాత్రం మా గ్యాంగ్ మనిషే.

రీల్ కింద మొదట కనిపించేది ఒక్క లైనే, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. అందుకే ఊపున్న ముక్క ముందు, ప్రేమ రెండో లైన్లో పెట్టాను. మా బావ పెళ్లికి నేను దీన్ని తిరగేసి, శుభాకాంక్షలతో మొదలుపెట్టాను. అసలు సరదా మాట లోపలే ఉండిపోయింది, ఎవరూ దాని గురించి కామెంట్ చేయలేదు.

'కజిన్' అని మాత్రం రాయకండి. చెల్లి అంటేనే ఆ దగ్గరితనం తెలుస్తుంది. తను మీకంటే పెద్దదైతే 'మా అక్క ఆగలేదు' అనండి, లయ చెడదు. వీడియోలో చేతులు సరిగ్గా కనపడకపోతే మొదటి లైను తేలిపోతుంది. అప్పుడు "పిలవకముందే స్టేజీ ఎక్కేసిన పెళ్లికూతురు, మా చెల్లి!" అని మొదలుపెట్టండి. హ్యాష్‌ట్యాగులు రెండో మూడో చాలు, అవీ చివర్లో. పోస్ట్ చేసే ముందు తనకి ఒకసారి చూపించండి, పెళ్లి హడావిడిలో ఉన్నా సరే.