ఛాతీ ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల నీరు

నాన్నగారి ఛాతీ ఎక్స్‌రేలో గబ్బిలం రెక్కల్లా తెలుపు, చీలికల్లో నీరు, పైభాగం రక్తనాళాలు లావు అని రాశారు. ఇవి మూడు జబ్బులా?

కాదు, సాధారణంగా ఒకే జబ్బులో మూడు మెట్లు. గుండె ఎడమవైపు రక్తాన్ని సరిగ్గా ముందుకు నెట్టలేకపోతే ఒత్తిడి ఊపిరితిత్తుల సిరల్లోకి ఎదురుతంతుంది.

నిలబడి తీసిన ఫిల్మ్‌లో మామూలుగా కింది నాళాలే లావుగా ఉంటాయి. ఒత్తిడి సుమారు 12 మి.మీ. పాదరసం దాటితే పైవీ వాటికి సమానమవుతాయి, తర్వాత మించిపోతాయి. పడుకోబెట్టి తీస్తే ఆరోగ్యవంతుడికీ పైనాళాలు నిండుగానే కనిపిస్తాయి కాబట్టి ఆ ఫిల్మ్‌లో ఈ గుర్తును నమ్మకూడదు.

18 దాటాక నీరు నాళాల బయటికి ఊరుతుంది. కుడి ఊపిరితిత్తి భాగాల మధ్య ఉండే చీలిక ఫిల్మ్‌లో వెంట్రుకంత సన్నటి అడ్డగీతలా కనిపిస్తుంది, అందులో నీరు చేరితే అది పెన్సిల్ గీతంత మందమవుతుంది. ఒక్కోసారి నీరు అక్కడే కండెలా గుమిగూడి అచ్చం గడ్డలా కనిపిస్తుంది. మూత్రం ఎక్కువయ్యే మందు ఇచ్చాక మాయమైతే అది నీరే.

25 దాటితే గాలి గదులే నిండుతాయి. మధ్యలో తెల్లటి మసక, అంచులు మాత్రం నల్లగా మిగులుతాయి, అదే గబ్బిలం రెక్క. గుండె పరిమాణం మామూలుగా ఉండి ఇది కనిపిస్తే అప్పుడే వచ్చిన గుండెపోటునూ, కిడ్నీ వైఫల్యాన్నీ వెతకాలి.

ఆయాసం తగ్గినా మసక వెంటనే పోదు. ఫిల్మ్ ఎప్పుడూ మనిషికంటే కొంచెం వెనకే ఉంటుంది.