కోపంతో రాసిన మెసేజ్‌లో అసలు ఫిర్యాదు ఎక్కడుంది?

“మేడమ్, మేము హన్మకొండ నయీంనగర్‌లో ఫస్ట్ ఫ్లోర్‌లో కిరాయికి ఉంటున్నం. కింద ఓనర్ సార్, రిటైర్డ్ టీచర్. పైన ఇంకో కిరాయిదారు. మా బాత్రూం పైకప్పు కురుస్తుంది. వానకు అట్ల అయితది, వానలు తగ్గినంక చూద్దాం అంటరు సార్. వాన లేని రోజు కూడా, పైవాళ్లు పొద్దున స్నానాలు చేసిన అరగంటకు కారుడు మొదలైతది, మధ్యాహ్నానికి ఆగుతది. జూన్ 12న, 26న, జూలై 9న చెప్పినం. నిన్న కోపంతో ఈ మెసేజ్ రాసిన, మా ఆయన పంపొద్దన్నడు. ‘సార్, మీకు మనుషులంటే లెక్క లేదు. కిరాయి మాత్రం ఒకటో తారీకు రాకముందే అడుగుతరు. ఎన్నిసార్లు చెప్పినా చూద్దాం చూద్దాం. మీ మనవడు ఈ ఇంట్ల ఉంటే ఇట్లనే ఊకుంటరా? బాత్రూం అంతా కురుస్తుంది, గీజర్ స్విచ్ ముట్టుకుంటే షాక్ కొడుతుంది. మాకేమన్న అయితే మీదే పూచీ. వచ్చే నెల కిరాయి ఇయ్యం, ఏం చేసుకుంటరో చేసుకోండి.’ పంపాల్నా? మా బాబుకు ఆరేండ్లు.”

అమ్మా, మెసేజ్ సంగతి తర్వాత. ముందు లేచి ఆ గీజర్ లైన్ ఎంసీబీ కిందికి దించండి, మళ్లీ ఎత్తకుండా దాని మీద ఓ ప్లాస్టర్ ముక్క అతికించండి. తడిసిన గోడలో స్విచ్ బోర్డు షాక్ కొడుతోందంటే అది ఓనర్ జవాబు కోసం ఆగే విషయం కాదు. ఏ ఎంసీబీ దేనిదో తెలియకపోతే మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

ఇప్పుడు మెసేజ్. మీ ఆయన ఆపి మంచి పని చేశారు, కానీ మీ కోపం తప్పని మాత్రం నేను అనను, నెల రోజులు తిప్పించుకుంటే ఎవరికైనా వస్తుంది. ఇబ్బంది ఎక్కడంటే, మీరు రాసిన దాంట్లో షాక్ సంగతి అయిదో వాక్యంలో ఉంది. మొదటి వాక్యం దగ్గరే ఆయన ఆగిపోతారు. ‘మనుషులంటే లెక్క లేదు’ అన్న మాట చదివిన రిటైర్డ్ టీచర్ ఇక గోడ గురించి ఆలోచించరు, ‘నన్ను ఇంత మాట అంటారా’ అని మీ ఇంటి మెట్లెక్కి వస్తారు. అప్పుడు గొడవంతా ఆ మాట మీదే, మనవడి మీదే నడుస్తుంది, కురిసేది కురుస్తూనే ఉంటుంది.

ఒక కాగితం మీద మీ మెసేజ్ రాసుకుని, ఒక్కో వాక్యం దగ్గర అడగండి, దీనికి ఫొటో తీయగలనా, తారీకు చెప్పగలనా అని. కురవడం, షాక్, ఈ రెండూ నిలుస్తాయి. మిగతావి కొట్టేసే ముందు దాని వెనక ఏముందో చూడండి, ఎందుకంటే కోపపు మాట వెనక చాలాసార్లు గట్టి విషయమే దాక్కుని ఉంటుంది. ‘ఎన్నిసార్లు చెప్పినా’ వెనక మూడు తారీకులున్నాయి, అవి రాస్తే చాలు, ఆయన కాదనలేరు. ‘మాకేమన్న అయితే మీదే పూచీ’ వెనక ఉన్నది షాక్ భయం, అది ఉన్నదున్నట్టు మొదట్లోనే చెప్పండి. ‘మీ మనవడు’ వెనక ఏమీ లేదు, తీసేయండి.

ఇంకొకటి గమనించారా? మీ దగ్గరున్న అన్నిటికన్నా బలమైన మాట ఆ మెసేజ్‌లో లేనే లేదు. పైన స్నానాలైన అరగంటకు కారుతుంది, మధ్యాహ్నం ఆగుతుంది అని నాకు రాశారు, ఆయనకు రాయలేదు. వానకు కురిస్తే వాన రోజునే కురవాలి. పైపులో ఎప్పుడూ నీళ్లుండే లైన్ పగిలితే రాత్రీ పగలూ కారుతూ ఉండాలి. వాడినప్పుడు మాత్రమే కారుతోందంటే పై బాత్రూం నేల టైల్స్ సందుల్లోనో, నీళ్లు పోయే జాలీ దగ్గరో, డ్రైనేజీ పైపు జాయింట్ దగ్గరో లోపం ఉండే అవకాశం ఎక్కువ. ఖాయంగా చెప్పాల్సింది ప్లంబరే, కానీ ‘వానలు తగ్గాక’ అన్న మాటకు ఈ ఒక్క వాక్యం జవాబు చెబుతుంది, అదీ వాదన లేకుండా.

ఇట్లా రాయండి:

“సార్, నమస్తే. మా బాత్రూం గోడ తడిసి, గీజర్ స్విచ్ ముట్టుకుంటే షాక్ కొడుతోంది. ఆ లైన్ ఆపేశాం. పైకప్పు నుంచి నీళ్లు కారుతున్నాయి. వాన లేని రోజు కూడా, పైన స్నానాలు అయిన అరగంటకు మొదలై మధ్యాహ్నానికి ఆగుతోంది. ఫొటోలు పెడుతున్నాను. ఈ సంగతి జూన్ 12, 26, జూలై 9 తేదీల్లో మీకు చెప్పాం. ఈ ఆదివారంలోపు ప్లంబర్‌కు పై బాత్రూం చూపించి, ఎలక్ట్రీషియన్‌తో మా బోర్డు బాగు చేయించండి. ఏ రోజు వస్తారో రేపు సాయంత్రంలోపు చెబితే నేను ఇంట్లో ఉంటాను.”

ఇందులో ‘మీరు చేయించలేదు’ అన్న మాట ఎక్కడా లేదు చూడండి. నీళ్లు కారుతున్నాయి, గోడ తడిసింది, చెప్పాం. వాక్యంలో ఆయన్ని కర్తగా పెట్టింది పని అడిగే చోట మాత్రమే. అయినా ఫిర్యాదు ఒక్క పిసరు తగ్గలేదు.

చాలామంది కోపం తీసేయబోయి రెండో తప్పు చేస్తారు. ‘వీలైతే కొంచెం చూడండి సార్’, ‘మీకు కుదిరినప్పుడు’ అని కలుపుతారు. ఆ ‘వీలైతే’ చదివినవాళ్లకు తొందర లేదనే అర్థమవుతుంది. మర్యాద ‘సార్, నమస్తే’లో, ‘చేయించండి’లో ఉంది, అంతకు మించి మెత్తబడొద్దు. ఆదివారం అన్న మాట మాత్రం తీయకండి. అట్లాగే ‘వెంటనే’ అని కూడా రాయకండి, ఆయన ‘వెంటనే’ వేరు, మీ ‘వెంటనే’ వేరు.

కిరాయి ఆపుతామన్న మాట అసలే వద్దు. ఆపిన రోజు నుంచి మీరు ఇబ్బంది పడుతున్న కుటుంబం కాదు, బాకీ పడ్డ కిరాయిదారు. ఒకటో తారీకు కిరాయి ఎప్పటిలాగే ఫోన్‌లో పంపండి, ఆ లెక్క మీ దగ్గర ఉంటుంది.

మెసేజ్ రాత్రి పంపకండి. పొద్దున పది దాటాక, ఆయన టీ తాగి పేపర్ చదివి తీరిగ్గా ఉన్నప్పుడు పంపి, కాసేపటికి మీరిద్దరూ కిందికి దిగి ‘సార్, ఫొటోలు చూశారా’ అని అడగండి. కిందనే ఉన్న పెద్దమనిషికి మెసేజ్ పెట్టి ఊరుకుంటే అది కూడా ఆయనకు లెక్కలేనితనంగానే తోస్తుంది. ఆయన ‘శనివారం పిలుస్తా’ అంటే పైకొచ్చి ‘శనివారం ప్లంబర్‌ను పిలుస్తానన్నారు, థాంక్యూ సార్’ అని ఒక లైన్ పెట్టండి. నోటి మాట అప్పుడు రాతలో ఉంటుంది. పైవాళ్లను ఇందులోకి లాగొద్దు, వాళ్లు కూడా మీలాగే కిరాయికి ఉన్నారు, స్నానం చేయడం వాళ్ల తప్పు కాదు.

ఆదివారం దాటినా కదలకపోతే, అదే మెసేజ్ కింద ‘సార్, ఆదివారం అయిపోయింది, పని ఇంకా కాలేదు’ అని రాసి, ఎలక్ట్రీషియన్ చెప్పిన ఖర్చు కాగితం ఫొటో జత చేయండి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లో, ఓనర్ చేయించాల్సిన రిపేర్‌ను నోటీసు ఇచ్చాక కూడా తగిన సమయంలో చేయించకపోతే కిరాయిదారు చేయించుకుని ఆ ఖర్చు కిరాయిలో తగ్గించుకోవచ్చని ఉంది. మీ అగ్రిమెంట్‌లో రిపేర్లు ఎవరివని రాశారో దాన్నిబట్టి ఇది మారుతుంది కాబట్టి, పైసా తగ్గించే ముందు ఆ కాగితం లాయర్‌కు చూపించండి. మొదటి మెసేజ్‌లో మాత్రం చట్టం ఊసెత్తకండి. ఈ దారిలో వెళ్లాల్సి వచ్చినా, ఏ రిపేర్ కావాలో, ఎప్పుడు అడిగారో స్పష్టంగా ఉన్న ఆ చల్లటి మెసేజే మీకు పనికొస్తుంది. నిన్న రాసినదాంట్లో ఫలానా పని చేయించండి అని ఎక్కడా లేదమ్మా, ఇంకోసారి చదివి చూడండి.

బోర్డు బాగయ్యేదాకా బాబును ఆ బాత్రూంలోకి ఒక్కడినే పంపకండి.