డియాక్టివేట్ వేరు, డిలీట్ వేరు: నొక్కేముందు ఇది చదువు అమ్మలూ

అమ్మలూ,

మీ అమ్మ రాత్రి ఫోన్ చేసింది. ఎవడో ఫేక్ ఐడీలతో నీకు మెసేజ్‌లు పెట్టి విసిగిస్తన్నాడంట, నువ్వు కోపంతో ఫేస్‌బుక్ అకౌంట్ పూర్తిగా తీసేస్తానంటున్నావంట, పెళ్లి కుదిరిన టైంలో ఇదేం గోలని ఆమె భయపడతా ఉంది. తీసేయొద్దని నేను చెప్పను, నీ అకౌంట్ నీ ఇష్టం. కాకపోతే ఇన్నేళ్లుగా ఒంగోల్లో నెట్ సెంటర్ పెట్టుకోని కూర్చున్నోణ్ణి, అకౌంట్ పోయింది కొంచెం తెచ్చిపెట్టండి అని వచ్చేవాళ్లని చూస్తానే ఉండా. వాళ్లలో సగం మంది రెండు ఆప్షన్లు పక్కపక్కనే ఉంటే తేడా చూడకుండా నొక్కినోళ్లు, మిగతావాళ్లు ఎన్ని రోజులు టైం ఉందో తప్పుగా లెక్కేసుకున్నోళ్లు. అందుకని ఫోన్లో హడావిడిగా చెప్పకుండా రాసి పంపిస్తన్నా, నిదానంగా చదువు.

ముందు నీ షాపు సంగతి. కావలిలో నువ్వు మగ్గం వర్క్ బ్లౌజులకి పెట్టుకున్న పేజీ ఉంది గదా, అది నీ పర్సనల్ అకౌంట్ మీదే నడస్తా ఉంది. ఆ పేజీ మీద పూర్తి కంట్రోల్ ఉండే మనిషి నువ్వు ఒక్కదానివే అయితే, నీ అకౌంట్ డిలీట్ అయిన రోజు పేజీ కూడా దాంతోపాటే డిలీట్ అవుతుంది. నువ్వు పెట్టిన డిజైన్ల ఫొటోలు, కస్టమర్లు రాసిన రివ్యూలు, అన్నీ. డియాక్టివేట్ చేసినా పేజీ ఎవరికీ కనపడదు, కాకపోతే నువ్వు వెనక్కి వచ్చినప్పుడు తిరిగి తెచ్చుకోవచ్చు. ఈ విషయం చాలామందికి తెలీదు, పేజీ వేరు నా అకౌంట్ వేరు అనుకుంటారు. అందుకని ఏది నొక్కినా ముందు పేజీ సెట్టింగ్స్‌లో `Page access` లోకి పోయి మీ తమ్ముణ్ణి చేర్చు, చేర్చేటప్పుడు పూర్తి కంట్రోల్ ఇచ్చే ఆప్షన్ ఆన్ చెయ్యి, వాడి ఫోన్‌కి రిక్వెస్ట్ పోతుంది, వాడు ఒప్పుకునేదాకా అది పని చెయ్యదు. వాడు ఒప్పుకున్నాక వాడి ఫోన్లోంచే పేజీలో ఒక ఫొటో పెట్టించి చూడు, పెట్టగలిగితే పేజీకి ఢోకా లేనట్టే.

ఇప్పుడు రెండిటికీ తేడా. డియాక్టివేట్ అంటే షట్టర్ దించి తాళం వేసుకోవడం, సరుకంతా లోపలే ఉంటుంది. నీ ప్రొఫైల్, ఫొటోలు బయటోళ్లకి కనపడవు, వెతికినా దొరకవు, కానీ ఏదీ చెరిగిపోదు. దీనికి గడువంటూ ఏమీ లేదు, నెల తర్వాత వచ్చినా ఏడాది తర్వాత వచ్చినా లాగిన్ అయితే చాలు, ఎట్టా వదిలిపెట్టావో అట్టానే ఉంటుంది. డిలీట్ అంటే అది కాదు, రిక్వెస్ట్ పెట్టిన రోజు నుంచి 30 రోజులు ఆగుతారు, ఆ తర్వాత తిరిగి రాదు. ఆ 30 రోజుల్లో నీ మనసు మారితే లాగిన్ అయ్యి `Cancel deletion` నొక్కితే ఆగిపోతుంది, అంతే, ఎవరినీ బతిమాలే పని లేదు.

ఈ రెండూ ఉండేది ఒకే చోట. `Settings & privacy`, అందులో `Settings`, పైన `Accounts Centre`, దాంట్లో `Personal details`, ఆ తర్వాత `Account ownership and control`, చివరికి `Deactivation or deletion`. అక్కడ అకౌంట్ ఎంచుకుంటే రెండు గుండ్రాలు వస్తాయి, ఒకటి డియాక్టివేట్, ఇంకోటి డిలీట్. చూడకుండా గబగబా కంటిన్యూ కొట్టుకుంటా పోయేది ఇక్కడే. పాస్‌వర్డ్ అడిగినప్పుడు చెయ్యి ఆపి, స్క్రీన్ మీద ఏం రాసుందో ఒకసారి గట్టిగా చదువు.

నీ విషయంలో ఇంకోటి ఉంది, మెసెంజర్. ఫేస్‌బుక్ డియాక్టివేట్ చేసినా మెసెంజర్ ఉంచుకోవచ్చు, ఉంచుకుంటే వాడు మెసేజ్‌లు పెడతానే ఉంటాడు. నువ్వేమో అకౌంట్ తీసేశాను గదా ఇంకా ఎట్టా వస్తన్నాయి అని బెదిరిపోతావు. అందుకని డియాక్టివేట్ చేసేటప్పుడు మెసెంజర్ ఉంచమంటావా అని అడిగితే వద్దను. అప్పటికే ఉండిపోయుంటే, ఫేస్‌బుక్ ముందు డియాక్టివేట్ చేసి ఆ తర్వాత మెసెంజర్ యాప్‌లోకి పోయి దాన్ని విడిగా డియాక్టివేట్ చెయ్యాలి, వరస అదే. డిలీట్ చేస్తే మెసెంజర్ కూడా పోతుంది. ఏది చేసినా నువ్వు అవతలోళ్లకి ఇదివరకు పంపిన మెసేజ్‌లు వాళ్ల ఇన్‌బాక్స్‌లో అట్టానే ఉంటాయి, అవి నీ చేతిలో లేవు.

డియాక్టివేట్ చేసినోళ్లు తెలీకుండానే మళ్లీ ఆన్ చేసుకోవడం కూడా చూస్తంటా. ఏదో గేమ్‌లోనో షాపింగ్ యాప్‌లోనో ఫేస్‌బుక్‌తో లాగిన్ అవ్వు అని ఉంటుంది చూడు, అది నొక్కినా అకౌంట్ లేచి కూర్చుంటుంది. ఇంట్లో పాత ఫోన్లో యాప్ ఉండి, పిల్లోళ్లు తెరిచి లాగిన్ నొక్కినా అంతే. ఉందా పోయిందా చూద్దామని నువ్వే లాగిన్ అయినా ఆన్ అయిపోతుంది. కాబట్టి చూడాలంటే మీ తమ్ముడి ఫోన్లో నీ పేరు వెతికించు, నువ్వు లాగిన్ అవ్వొద్దు. కాకపోతే బయటి నుంచి చూసేవాళ్లకి డియాక్టివేట్ అయిన అకౌంటూ డిలీట్ గడువులో ఉన్న అకౌంటూ ఒకేలాగే ఉంటాయి, రెండూ కనపడవు. నువ్వు ఏది నొక్కావో నీకే గుర్తుండాలి, అందుకని నొక్కిన రోజు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో.

ఇంక అందరూ బోర్లాపడే చోటు చెప్తా. డిలీట్ చెయ్యడం మొదలయ్యాక నువ్వు పోస్ట్ చేసినవన్నీ వాళ్ల సిస్టం లోంచి పూర్తిగా చెరిపెయ్యడానికి 90 రోజుల దాకా పట్టొచ్చు అని ఫేస్‌బుక్ వాళ్లు రాస్తారు. జనం అది చదివి, ఓహో 90 రోజుల్లోపు ఎప్పుడైనా తెచ్చుకోవచ్చు అనుకుంటారు. కాదు. 30 రోజులు నీకిచ్చిన టైం, 90 రోజులు వాళ్లు చెరుపుకోవడానికి వాళ్లు పెట్టుకున్న టైం, ఆ 90లో నీకు తలుపు తెరుచుకునేది లేదు. సింగరాయకొండ నుంచి ఒక కుర్రాడు వచ్చాడు, ఇంటర్ అయిపోయాక కోపంలో డిలీట్ పెట్టాడంట, నెలన్నర దాటాక అక్క పెళ్లి ఫొటోలు అందులోనే ఉన్నాయని గుర్తొచ్చి పరిగెత్తుకొచ్చాడు, ఇంకా 90 కాలేదు గదా సార్ అంటాడు. నంబర్ కొడితే అసలు ఆ అకౌంటే లేదని వస్తా ఉంది. గడువులో ఉంటే అట్టా రాదు, పాస్‌వర్డ్ తీసుకోని, డిలీషన్ ఆపుతావా అని అడుగుతుంది. ఆ అడగడం లేదంటే అయిపోయినట్టే, వాడికి చేసేదేం లేకపోయింది. ఫొటోలు ఎవరి ఫోన్లోనన్నా మిగిలుంటే అడిగి తీసుకోమని చెప్పి పంపించా.

నీ లెక్క వేసుకుందాం. నువ్వు నవంబర్ 5న డిలీట్ పెట్టావనుకో, డిసెంబర్ 5 నాటికి 30 రోజులు. మనసు మారితే ఆఖరి రోజు దాకా ఆగొద్దు, డిసెంబర్ 1కే తేల్చుకో, ఎందుకంటే ఆ రోజు ఓటీపీ రాకపోయినా, పాస్‌వర్డ్ మర్చిపోయినా సరిచేసుకోను నాలుగు రోజులు చేతిలో ఉంటాయి. ఈ నెల రోజులు ఆ అకౌంట్‌కి ఇచ్చిన సిమ్ రీచార్జ్ అయిపోకుండా చూసుకో, మెయిల్ ఐడీ తెరుచుకుంటుందో లేదో ముందే చూసుకో. పెళ్లి పనుల్లో పడి నంబర్ మార్చేస్తే గడువు ఉన్నా లోపలికి పోలేవు.

డిలీట్ పెట్టే ముందే నీ ఫొటోలన్నీ దించుకో. అదే `Accounts Centre` లో `Your information and permissions` అని ఉంటుంది, అందులో నీ సమాచారం కాపీ అడిగితే ఫైల్ రెడీ అయ్యాక నీకు చెప్తారు. అది వెంటనే రాదు, ఎక్కువ ఫొటోలు ఉంటే టైం పడుతుంది, కాబట్టి ఫైల్ దించుకోని, తెరిచి, ఫొటోలు నిజంగా ఉన్నాయని కళ్లతో చూసినాకే డిలీట్ సంగతి.

ఆ విసిగించేవాడి గురించి కూడా రాస్తా, అసలు కారణం వాడే గాబట్టి. నువ్వు అకౌంట్ తీసేసినంత మాత్రాన వాడి ఫేక్ ఐడీలు పోవు. నీ ఫొటో పెట్టి ఎవడన్నా ఐడీ తెరిచి ఉంటే అది వాడి చేతిలోనే నడస్తా ఉంటుంది. పైగా నువ్వు డిలీట్ చేస్తే వాడు నీకు పెట్టిన మెసేజ్‌లు నీ వైపు నుంచి పోతాయి, రేపు కంప్లయింట్ ఇవ్వాలంటే చూపించను ఏమీ మిగలదు. అందుకని ముందు ఒక్కో మెసేజ్ తేదీ టైం కనపడేట్టు స్క్రీన్‌షాట్ తియ్యి, వాడి ప్రొఫైల్ లింక్ కాపీ చేసి పెట్టుకో, ప్రొఫైల్ రిపోర్ట్ చెయ్యి, ఆ తర్వాత బ్లాక్ చెయ్యి. కావాలంటే `cybercrime.gov.in` లో కంప్లయింట్ పెడదాం, నేను పక్కన కూర్చోని పెట్టిస్తా, సిగ్గుపడాల్సింది నువ్వు కాదు. నా మాటగా అడిగితే పెళ్లయ్యేదాకా డియాక్టివేట్ చేసి ఊరుకో, డిలీట్ ఎప్పుడు కావాలన్నా చెయ్యొచ్చు.

ఇన్‌స్టా సంగతి కూడా ఇంతే, అక్కడా డిలీట్‌కి 30 రోజులే, కాకపోతే డియాక్టివేట్ వారానికి ఒక్కసారే చెయ్యనిస్తారు, ఇవాళ తీసి రేపు పెట్టి ఎల్లుండి తీస్తానంటే కుదరదు. వాట్సాప్ జోలికి మాత్రం ఈ ఊపులో పోవద్దు, అందులో అకౌంట్ డిలీట్ కొడితే వెనక్కి తెచ్చుకునే గడువే లేదు, అప్పటికప్పుడే పోతుంది, గ్రూపుల్లోంచి కూడా తీసేస్తుంది, కస్టమర్లంతా నీకు అందులోనే గదా ఉండేది. యాప్ అన్‌ఇన్‌స్టాల్ చెయ్యడం వేరే, దాంతో అకౌంట్ పోదు. మీ తమ్ముడికి ఎక్స్ అకౌంట్ ఉంది గదా, వాడికీ ఒక మాట చెప్పు, అందులో డియాక్టివేట్ అని ఉన్నా అది దాచిపెట్టడం కాదు, నొక్కిన రోజు నుంచి 30 రోజులు లాగిన్ కాకపోతే అకౌంట్ శాశ్వతంగా పోతుంది.

ముందు `Page access` పని ఇవాళే చేసి, తమ్ముడు ఒప్పుకున్నాక నాకు ఒక మిస్డ్ కాల్ ఇవ్వు. ఆదివారం కావలి వస్తన్నా, స్క్రీన్‌షాట్లు అప్పుడు చూద్దాం, ఈలోపు ఆ డిలీట్ గుండ్రం మీద వేలు పెట్టొద్దు.

మీ పెదనాన్న