ఓపీ లైన్లో మన వంతు ఎన్నింటికి వస్తుంది?

"రాయగడలో ఓపీకి వెళ్లాను. నా ముందు 18 మంది. మనిషికి 2 నిమిషాలని 36 నిమిషాలు అనుకున్నా. గంట దాటినా పిలవలేదు. లెక్క ఎక్కడ తప్పింది?"

గుణకారం సరైనదేనండీ, తప్పంతా ఆ 2 నిమిషాల్లో ఉంది. అది డాక్టరు మాట్లాడే సమయం మాత్రమే. మధ్యలో రిపోర్టులు చూపించడానికి దూరేవాళ్లు, ఒడియాలో పిలిచిన నంబరు తమదేనని పోల్చుకోలేక ఆలస్యంగా లేచేవాళ్లు, వీళ్లందరి సమయమూ మీ లైను మీదే పడుతుంది. అందుకే ఒక పిలుపు నుంచి తర్వాతి పిలుపు దాకా కొలవాలి. అదీ ఒక్కరిని చూసి కాదు, కనీసం అరగంట చూసి.

10:05కి 31వ టోకెను, 10:35కి 39వ టోకెను పిలిచారనుకోండి. 30 నిమిషాల్లో 8 కదిలాయి, అంటే టోకెనుకు 3.75 నిమిషాలు. మీది 57 అయితే ఇంకా 18 కదలాలి. 18 × 3.75 = 67.5 నిమిషాలు. దాదాపు 11:42కి మీ వంతు.

ఇద్దరు డాక్టర్లు ఒకే లైన్లోంచి పిలుస్తుంటే దీన్ని మళ్లీ రెండుతో భాగించకండి. ఆ వేగం ఈ కొలతలోనే వచ్చేసింది. పిలిచినా రాని టోకెన్లూ అంతే. టీ విరామం మాత్రం విడిగా కలుపుకోవాలి. ఇద్దరిలో ఒకరు లేచి వెళ్లిపోతే పాత కొలత పనికిరాదు, కొత్తగా మొదలుపెట్టండి.

ఒకరికి నిమిషం, మరొకరికి పది నిమిషాలు పట్టేచోట 18 మందికి పావుగంట అటూఇటూ మామూలే. టిఫినుకు వెళ్తే 11:20 కల్లా వచ్చేయండి.