వాట్లు చూసి ఎల్‌ఈడీ కొనకండి, ల్యూమెన్లు చూడండి

"సార్, మాది కావలి. హాల్లో ఇంకా పాత 100 వాట్ల ఫిలమెంట్ బల్బే ఉంది, రోజూ 5 గంటలు వెలుగుతుంది. పూజ గదిలో జీరో బల్బు రాత్రంతా ఉంటుంది. ఖర్చు తగ్గుతుందని హాల్లోకి 9 వాట్ల ఎల్‌ఈడీ తెస్తే మసకగా ఉందని మా అత్తయ్య గొడవ. షాపతను 20 వాట్లది తీసుకోమంటున్నాడు. నెలకి 170 యూనిట్ల దాకా వస్తుంది, మళ్లీ బిల్లు పెరగదా?"

అమ్మా, మీ అత్తయ్య చెప్పిందే కరెక్ట్. వాటు అంటే బల్బు తాగే కరెంటు, ల్యూమెన్ అంటే అది ఇచ్చే వెలుతురు. పాత బల్బుల మీద వాట్లు మాత్రమే రాసేవాళ్లు కాబట్టి మనం వెలుతురునే వాట్లలో కొలవడం అలవాటు చేసుకున్నాం, ఎల్‌ఈడీ దగ్గర ఆ అలవాటు పనికిరాదు.

మన 230 వోల్టుల కరెంటు మీద 100 వాట్ల పాత బల్బు సుమారు 1,350 ల్యూమెన్లు ఇస్తుంది. 60 వాట్లది 700 దాకా, 40 వాట్లది 400 పైచిలుకు. చిన్న బల్బుకి వాటుకి వచ్చే వెలుతురు కూడా తక్కువే, అందుకని అన్నిటినీ ఒకే లెక్కతో గుణిస్తే కుదరదు. ఇంకోటి, నెట్‌లో 100 వాట్లకి 1,600 అని కనిపించే పట్టికలు అమెరికావి, వాళ్ల కరెంటు 120 వోల్టులు, అదే వాటుకి అక్కడి బల్బు కాస్త ఎక్కువ వెలుగుతుంది. అవి చూసి కొంటే మనకి అవసరానికి మించి వస్తుంది.

ఎల్‌ఈడీ వైపు లెక్క తేలిక. ఓ మోస్తరు మంచి బల్బు వాటుకి 100 ల్యూమెన్లు ఇస్తుంది. అంటే మీరు తెచ్చిన 9 వాట్లది 900, పాత బల్బు వెలుతురులో మూడింట రెండు వంతులే. మీకు కావలసింది 1,350 నుంచి 1,400 దాకా, అంటే 14 వాట్లది. 20 వాట్లదైతే 2,000, ఆ గదికి అంత అక్కర్లేదు. డబ్బా మీద పెద్దక్షరాల్లో ఏది రాసినా, చిన్నగా lm అని ఉన్న అంకె వెతికి అదే చూడండి.

ఇక డబ్బు సంగతి. 100 వాట్లు రోజుకి 5 గంటలు అంటే నెలకి 15 యూనిట్లు. 14 వాట్లదానికి 2.1 యూనిట్లు. మిగిలేది 12.9. మీ 170 యూనిట్లలో చివరివన్నీ 6 రూపాయల స్లాబులో పడతాయి, తగ్గేది కూడా అక్కడి నుంచే, కాబట్టి నెలకి 77 రూపాయలు మిగులుతుంది. బల్బు 180 రూపాయలు పెట్టినా మూడో నెలలో తేలిపోతుంది. మరి 9 వాట్లదే ఉంచుకుంటే అదనంగా ఎంత మిగులుతుందంటే, ముప్పావు యూనిట్, నాలుగున్నర రూపాయలు! ఆ నాలుగున్నర కోసం ఇంట్లో నెలంతా గొడవ పడటం నాకైతే గిట్టుబాటుగా కనిపించడం లేదు.

కాకపోతే డబ్బా మీద రాసిందంతా నిజం కాదు. నేనే ఒకసారి రోడ్డు పక్కన 12 వాట్లని చెప్పి అమ్మినవి నాలుగు కొన్నా, హాలంతా మబ్బు పట్టినట్టే ఉండేది. అనుమానం వచ్చి మీటరుతో చూశా. మీ మీటరు మీద 3200 imp/kWh అని ఉంటే, ఫ్రిజ్, సెటప్ బాక్స్, చార్జర్లు సహా అన్నీ తీసేసి ఆ ఒక్క బల్బే వేసి, ఎర్ర లైటు ఒక మెరుపు నుంచి ఇంకో మెరుపుకి ఎన్ని సెకన్లో లెక్కపెట్టండి. 1125ని ఆ సెకన్లతో భాగిస్తే వాట్లు వస్తాయి. పాత 100 వాట్లదానికి 11 సెకన్లు, నిజమైన 14 వాట్లదానికి 80. రెండు నిమిషాలు పట్టిందంటే అది 9 వాట్లదే. నావి 160 సెకన్లు తీసుకున్నాయి, అంటే 7 వాట్లు! ఈ పద్ధతిలో వాట్లు తేలతాయి గానీ ల్యూమెన్లు తేలవు, వాటికి డబ్బా మీద స్టార్ లేబుల్‌లో వాటుకి ఎన్ని ల్యూమెన్లో చూసుకోవడమే.

అన్నట్టు, ఆ జీరో బల్బు పాతదైతే జీరో కాదమ్మా. పేరుకే జీరో, లాగేది 15 వాట్ల దాకా. పది గంటల చొప్పున నెలకి 4.5 యూనిట్లు, 27 రూపాయలు. దాని స్థానంలో అర వాటు ఎల్‌ఈడీ పెడితే నెలకి రూపాయి కూడా కాదు. హాల్లోంచి తీసిన 9 వాట్లది పారేయకండి, వంటింట్లోనో పంచలోనో 60 వాట్ల పాతది ఉంటే దాని హోల్డర్‌లో పెట్టండి, 700 ఇచ్చే చోట 900 వస్తుంది.