జీతం రూ.21,000 దాటినా ఈఎస్‌ఐ కోత ఎందుకు ఆగదు?

ప్రశ్న: నేను జీడిమెట్లలోని ఒక ప్యాకింగ్ యూనిట్‌లో సూపర్‌వైజరుగా పనిచేస్తున్నాను. నెలకు రూ.20,400 ఉన్న నా స్థూల జీతాన్ని 2024 జులై నుంచి రూ.22,600 చేశారు. పరిమితి దాటినా ఈఎస్‌ఐ కోత ఆగలేదు, పైగా రూ.153 నుంచి రూ.170కి పెరిగింది. దీన్ని ఆపించవచ్చా? మా అమ్మ షుగరు మందులు ఈఎస్‌ఐ డిస్పెన్సరీలోనే తీసుకుంటున్నాం. అవి ఎప్పటివరకు ఇస్తారు?

జవాబు: మీ కంపెనీ చేస్తున్నది సరైనదే కాబట్టి సెప్టెంబరు నెల జీతం వరకు ఈ కోతను ఆపించడం కుదరదు. ఈఎస్‌ఐలో సంవత్సరాన్ని రెండు చందా కాలాలుగా విభజించారు. ఒకటి ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 30 వరకు, రెండోది అక్టోబరు 1 నుంచి మార్చి 31 వరకు. చందా కాలం మొదలైనప్పుడు పరిమితికి లోబడి ఉన్న ఉద్యోగి, మధ్యలో జీతం ఎంత పెరిగినా ఆ కాలం ముగిసేదాకా బీమా పరిధిలోనే కొనసాగుతాడు. ఏప్రిల్‌లో మీ జీతం రూ.20,400 మాత్రమే కనుక సెప్టెంబరు దాకా మీరు సభ్యులే. 2017 జనవరి నుంచి అమల్లో ఉన్న రూ.21,000 పరిమితి (దివ్యాంగులకు రూ.25,000) ఎవరు పథకంలో ఉండాలో తేల్చడానికే తప్ప, చందాను అంతవరకే లెక్కగట్టడానికి కాదు. పరిమితి దాటాక కూడా మొత్తం జీతం మీద కోత పడుతుంది. రూ.22,600లో 0.75 శాతం రూ.169.50 అవుతుంది, పైసలను పై రూపాయికి సవరిస్తారు కాబట్టి మీకు రూ.170 పడింది.

ఇక్కడ చాలామంది, కొన్నిసార్లు జీతాల విభాగం వారు కూడా, ఓవర్‌టైమ్ దగ్గర పొరపడతారు. పరిమితి దాటారా లేదా అని చూసేటప్పుడు ఓవర్‌టైమ్ సొమ్మును కలపరు, చందా లెక్కించేటప్పుడు మాత్రం కలుపుతారు. ఇంకో పొరపాటు, జీతం పెరిగిన నెలలోనే ఉద్యోగిని పథకం నుంచి తప్పించడం. అలా చేస్తే ఆ బకాయిలో ఉద్యోగి వాటాను కూడా యజమానే భరించాల్సి వస్తుంది, ఎందుకంటే ఏ నెల చందాను ఆ నెల జీతం నుంచే కోయాలి కానీ తరువాతి జీతాల నుంచి రాబట్టుకునే వీలు చట్టంలో లేదు.

పెరిగిన కోత వృథా పోదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు కట్టిన చందాకు ప్రయోజన కాలం వచ్చే జనవరి 1 నుంచి జూన్ 30 వరకు ఉంటుంది. ఆ వ్యవధిలో అనారోగ్యంతో పనికి వెళ్లలేకపోతే, ఈఎస్‌ఐ వైద్యుడి ధ్రువపత్రం మీద, సగటు రోజు వేతనంలో 70 శాతం చొప్పున ఏడాదికి గరిష్ఠంగా 91 రోజులు నగదు ఇస్తారు. సాధారణంగా మొదటి రెండు రోజులకు ఏమీ రాదు. మీ విషయంలో మూడు నెలలు రూ.20,400, మూడు నెలలు రూ.22,600 కలిపితే రూ.1,29,000. దాన్ని 183 రోజులతో భాగిస్తే రోజుకు సుమారు రూ.705, అందులో 70 శాతం రూ.493. జీతం పెరగకపోయి ఉంటే ఇది రూ.470 లోపే ఉండేది.

మీ అమ్మగారి మందుల సంగతికి వస్తే, చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా జమ అయినవారికి, వారి మీద ఆధారపడిన కుటుంబ సభ్యులకు, దానికి సంబంధించిన ప్రయోజన కాలం చివరిదాకా వైద్యం అందుతుంది. మీకు ఆరు నెలల చందా ఉంటుంది కనుక 2025 జూన్ 30 వరకు ఆటంకం ఉండదు. అయితే ప్రతి నెలా సొమ్ము నిజంగా జమ అవుతోందో లేదో మీ బీమా నంబరుతో ఈఎస్‌ఐ పోర్టల్‌లో చూసుకోండి. జీతం చీటీలో కోత కనబడినంత మాత్రాన అది ఈఎస్‌ఐకి చేరినట్టు కాదు.

అక్టోబరులో పథకం నుంచి బయటికి రాగానే చేతికి అదనంగా వచ్చేది నెలకు రూ.170 మాత్రమే, పోయేది మాత్రం యజమాని మీ తరఫున కడుతున్న 3.25 శాతం, అంటే దాదాపు రూ.735. పెంపు గురించి మాట్లాడేటప్పుడు ఈ మొత్తాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోకపోవడం నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది. కంపెనీకి మిగిలే ఆ సొమ్ముతో గ్రూపు ఆరోగ్య బీమా ఇవ్వగలరేమో, అందులో తల్లిదండ్రులను చేర్చుకోవచ్చునేమో ఇప్పుడే అడగండి. గ్రూపు బీమాలో పాత జబ్బులకు నిరీక్షణ కాలం లేకుండా ఇచ్చే కంపెనీలు చాలా ఉంటాయి. సొంతంగా పాలసీ తీసుకుంటే, ముందునుంచే ఉన్న షుగరుకు నిరీక్షణ కాలం గరిష్ఠంగా 36 నెలల దాకా ఉండవచ్చు. కాబట్టి జూన్ వరకు ఆగకుండా, షుగరు ఉన్న విషయాన్ని దరఖాస్తులో దాచకుండా రాసి, అమ్మగారి పేరున విడిగా పాలసీని ఈ అక్టోబరులోనే మొదలుపెట్టండి. నిరీక్షణలో తొమ్మిది నెలలు ఈఎస్‌ఐ వైద్యం అందుతుండగానే గడిచిపోతాయి. రోజువారీ మాత్రల ఖర్చును సాధారణంగా ఇలాంటి పాలసీలు ఇవ్వవు కనుక, 2025 జులై నుంచి ఆ ఖర్చును నెలవారీ బడ్జెట్‌లో వేరుగా రాసుకోవాలి.